చిన్న బేకరీలో ధర లెక్క: శామీర్‌పేట ఉదాహరణ

బేకరీలో ఒక వస్తువు తయారీకి పట్టిన సరుకు ఖర్చు మీద యజమాని వేసుకునే పైమొత్తాన్ని మార్కప్ అంటారు. అమ్మిన ధరలో అన్ని ఖర్చులూ పోగా చివరికి మిగిలే వాటా మార్జిన్. మొదటిది ఖర్చు మీద కట్టే శాతం, రెండోది అమ్మకం మీద కట్టే శాతం. వేరే ఖర్చులేమీ లేవనుకుని 80 రూపాయల వస్తువును 100కు అమ్మితే మార్కప్ 25 శాతం, మార్జిన్ 20 శాతం. మిగిలింది అదే 20 రూపాయలు, దాన్ని దేనితో పోలుస్తున్నామన్నదే తేడా. కిరాణా కొట్టులో ఈ తేడా పెద్దగా బాధించదు, ఎందుకంటే అక్కడ ఈ రోజు అమ్ముడుపోని సబ్బు రేపు అమ్ముడుపోతుంది. బేకరీలో సాయంత్రానికి మిగిలిన పఫ్‌కు రేపు లేదు. పైగా పొయ్యి, ఫ్రిజ్, మాస్టర్ జీతం, అద్దె అన్నీ సరుకు ఖర్చుకు దరిదాపుల్లో ఉంటాయి. అందుకే పది శాతం మిగలాలనుకున్న బేకరీ సరుకు ఖర్చు మీద నూటికి నూరుకు మించి వేసుకోవలసి వస్తుంది. ఎంతకు మించి అన్నది బిల్లులు, మిగిలిపోయిన సరుకు కలిసి తేలుస్తాయి.

ఈ వ్యాసంలోని లెక్క హైదరాబాద్ ఉత్తర శివారులోని శామీర్‌పేట లాంటి చోట, వెనుక పొయ్యి, ముందు కౌంటర్ ఉన్న ఒక చిన్న బేకరీని ఊహించి వేసింది. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి. లెక్క పద్ధతి మాత్రం ఏ బేకరీకైనా పనికొస్తుంది, ఎవరి బిల్లులు వారు పెట్టుకోవాలి.

శామీర్‌పేటలో గిరాకీ తీరు

శామీర్‌పేట మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో, హైదరాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉంది. పక్కనే పెద్ద చెరువు, ఔటర్ రింగ్ రోడ్డు. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ 2008లో దగ్గరలోనే మొదలైంది. తుర్కపల్లి వైపు జినోమ్ వ్యాలీలో మందులు, టీకాల కంపెనీలు ఉన్నాయి. అంటే ఇక్కడి బేకరీకి మూడు రకాల కొనుగోలుదారులు ఉంటారు. హాస్టల్ పిల్లలు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, రోడ్డు మీద కారు ఆపి టీ తాగి వెళ్లేవాళ్లు. వీళ్లు కాక ఊళ్లో ఉండే కుటుంబాలవాళ్లు పుట్టినరోజు కేకుకూ, పొద్దుటి బ్రెడ్డుకూ వస్తారు.

ఈ మూడు గిరాకీలూ ఒకేసారి రావు, ఒకేసారి పోవు. సంక్రాంతి దాటాక ఉగాది దాకా ఆదివారాల్లో కొమురవెల్లి మల్లన్న జాతరకు వెళ్లే బండ్లతో రాజీవ్ రహదారి నిండిపోతుంది. వేసవిలో క్యాంపస్‌లు ఖాళీ అవుతాయి. శని, ఆదివారాల్లో చెరువు చూడటానికి వచ్చేవాళ్లు పెరుగుతారు, అదే రోజుల్లో కంపెనీల వాళ్లు తగ్గుతారు. మేడ్చల్‌లో 44వ జాతీయ రహదారి మీద ఉన్న బేకరీకి లారీలు, బస్సుల గిరాకీ ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండొచ్చు. శామీర్‌పేటలో అలా కాదు. గిరాకీ ఎంత ఊగితే వేస్టేజీ అంత ఊగుతుంది, కాబట్టి ఇక్కడ ఒక నెల బిల్లులు చూసి ధర కట్టడం ప్రమాదం.

బిల్లుల్లోంచి పై ఖర్చు తీయడం

పై ఖర్చు అంటే ఒక్క పఫ్ కూడా చేయకపోయినా, వంద ఎక్కువ చేసినా పెద్దగా మారని ఖర్చు. బిల్లులన్నీ ఒక కవర్లో వేసి కూడితే అది రాదు. కొన్ని బిల్లులు ఖర్చు కావు, కొన్ని ఖర్చులకు బిల్లు ఉండదు.

షాపు తీసుకునేటప్పుడు ఇచ్చిన అడ్వాన్స్ ఖర్చు కాదు, ఖాళీ చేసినప్పుడు తిరిగి వచ్చే డబ్బు. బ్యాంకు కిస్తీలో వడ్డీ ఖర్చే కానీ అసలు ఖర్చు కాదు. పొయ్యి, పిండి కలిపే మిషన్, డిస్‌ప్లే ఫ్రిజ్ కొన్న డబ్బును అవి పనిచేసే ఏళ్లకు పంచి నెలకు ఎంత అరుగుతుందో వేసుకోవాలి. ఈ అరుగుదలనూ, కిస్తీ మొత్తాన్నీ రెండింటినీ ఖర్చులో రాస్తే ఒకే పొయ్యిని రెండుసార్లు కొన్నట్టు అవుతుంది. ఏడాదికోసారి కట్టే లైసెన్సు ఫీజును 12తో భాగించాలి. సరుకు విషయంలో ఆ నెల కొన్న బిల్లులు కాదు, ఆ నెల వాడిన సరుకు కావాలి. నెల మొదట్లో ఉన్న నిల్వకు కొన్నది కలిపి, నెలాఖరున మిగిలినది తీసేస్తే వాడకం వస్తుంది. పండగకు ముందు పది బస్తాల మైదా దించుకున్న నెలలో ఇది చూడకపోతే ఆ నెల నష్టంలా, తర్వాతి నెల బంపర్‌లా కనిపిస్తుంది.

బిల్లు లేని పెద్ద ఖర్చు యజమాని శ్రమ. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా కౌంటర్లో కూర్చునే మనిషి తన జీతం రాసుకోకపోతే, మిగిలిందంతా లాభం అనుకుంటాడు. అదే పని బయట చేస్తే వచ్చే జీతం ఎంతో అంత ఖర్చులో రాయాలి. భార్య కేకుల మీద క్రీమ్ వేస్తుంటే ఆమె పనికీ ఒక మొత్తం వేయాలి. చిన్న బేకరీల లెక్కల్లో ఎక్కువగా తప్పిపోయేది ఇదేనని నా అభిప్రాయం.

కరెంటు బిల్లును కొంచెం నిదానంగా చదవాలి. టీజీఎస్‌పీడీసీఎల్ బిల్లులో వాడిన యూనిట్ల ఛార్జీతో పాటు, తీసుకున్న లోడును బట్టి వేసే స్థిర ఛార్జీ కూడా ఉంటుంది. షాపు వారం మూసినా ఆ స్థిర ఛార్జీ పోదు. డీప్ ఫ్రీజర్, డిస్‌ప్లే ఫ్రిజ్ రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. ఎండాకాలంలో వాటి యూనిట్లు పెరుగుతాయి. కాబట్టి జనవరి బిల్లు పెట్టి ఏడాది ధర కట్టకూడదు, 12 నెలల సగటు తీయాలి.

మన ఉదాహరణ బేకరీకి నెల పై ఖర్చు ఇలా ఉందనుకుందాం. అద్దె 18,000. మాస్టర్‌కు 22,000, సహాయకుడికి 13,000, కౌంటర్లో పనిచేసేవారికి 12,000. కరెంటు 9,000. 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు ఎనిమిది, సుమారు 15,000. మిషన్ల అరుగుదల, రిపేర్లు, అప్పు వడ్డీ కలిపి 9,000. యజమాని జీతం 25,000. ఫోన్, ఆటో కిరాయి, శుభ్రం, లైసెన్సు వాటా కలిపి 5,000. మొత్తం 1,28,000 రూపాయలు.

వేస్టేజీని ఎక్కడ పెట్టాలి

బేకరీలో రెండు రకాల నష్టం ఉంటుంది, వాటిని కలపకూడదు. ఒకటి తయారీలో పోయేది. పఫ్ పొరలు కోశాక మిగిలే అంచులు, పగిలిన గుడ్లు, మాడిన ట్రే, బ్రెడ్డు కాలేటప్పుడు ఆవిరయ్యే నీళ్లు. 400 గ్రాముల బ్రెడ్డు కావాలంటే అచ్చులో 455 గ్రాముల దాకా ముద్ద వేయాలి, ఎనిమిదో వంతు బరువు పొయ్యిలోనే పోతుంది. ఇది రోజూ దాదాపు ఒకేలా ఉంటుంది. దీన్ని సరుకు ఖర్చులోనే కలపాలి. అంటే కలిపిన ముద్ద మొత్తం ఖర్చును, చేతికి మంచిగా వచ్చిన వస్తువుల సంఖ్యతో భాగించాలి.

రెండోది కౌంటర్లో మిగిలిపోయేది. ఇది వాతావరణం, సెలవులు, మాస్టర్ అంచనా మీద ఆధారపడుతుంది. దీనికి వేరే లెక్క ఉంది. వందకు ఎనిమిది మిగిలిపోతే ఖర్చుకు 8 శాతం కలిపితే చాలదు. వంద వస్తువుల ఖర్చును అమ్ముడైన 92 వస్తువులు మోయాలి, అంటే 0.92తో భాగించాలి. ఎనిమిది శాతం దగ్గర ఈ తేడా చిన్నది, 1.08కి బదులు 1.087. నాలుగో వంతు మిగిలిపోయే క్రీమ్ పేస్ట్రీల దగ్గర 1.25కి బదులు 1.33 అవుతుంది, అప్పుడు తేడా జేబుకు తెలుస్తుంది.

మిగిలిన సరుకంతా చెత్తబుట్టకే పోదు. గడువు లోపల ఉన్న బ్రెడ్డును ముక్కలు కోసి మళ్లీ కాల్చి రస్క్ చేస్తారు. కేకు అంచులూ పొడీ వేరే వస్తువులోకి వెళ్తాయి. అలా వెనక్కి వచ్చే విలువను వేస్టేజీలోంచి తీసేయవచ్చు, కానీ రస్క్ చేయడానికి పట్టే గ్యాసు, చేతిపని పోగా మిగిలేదే తీయాలి. గడువు దాటినదాన్ని, క్రీమ్, గుడ్డు, కూర ఉన్నదాన్ని ఇలా తిప్పి వాడటం ఆరోగ్యానికి హాని, ఆ లెక్కే వేయకూడదు.

మరి వేస్టేజీ సున్నాకు తేవాలా? అక్కర్లేదు. సరుకు 10 రూపాయలు పడిన పఫ్‌ను 20కి అమ్ముతున్నామనుకుంటే, అదనంగా కాల్చిన ఒక్క పఫ్ అమ్ముడైతే 10 వస్తుంది, మిగిలితే 10 పోతుంది. అద్దె, జీతాలు ఎలాగూ పడేవే. కాబట్టి ఆ పఫ్ అమ్ముడయ్యే అవకాశం సగానికి పైగా ఉన్నంతవరకూ కాల్చడమే లాభం. రోజూ సాయంత్రం 5కే ట్రే ఖాళీ అవుతుంటే అది మంచి యాజమాన్యం కాదు, 7 గంటలకు హాస్టల్ నుంచి వచ్చే పిల్లల్ని పక్క షాపుకు పంపడం.

షాపు మొత్తానికి గుణకం

ఇప్పుడు అన్నీ ఒకచోట పెడదాం. వేస్టేజీ, పై ఖర్చు, కోరుకున్న మార్జిన్‌లను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోవడం మామూలుగా చేసే తప్పు. పై ఖర్చు, మార్జిన్ రెండూ అమ్మకంలో వాటాలు. అందువల్ల వాటిని ఒకటిలోంచి తీసేసి, మిగిలినదానితో భాగించాలి.

ధర = సరుకు ఖర్చు ÷ [(1 − వేస్టేజీ) × (1 − పై ఖర్చు వాటా − మార్జిన్)]

మన బేకరీ నెలకు 3,20,000 అమ్ముతుందని లెక్క. పై ఖర్చు 1,28,000 అందులో 40 శాతం. మార్జిన్ 10 శాతం కావాలి. వేస్టేజీ 8 శాతం. అప్పుడు 0.92ను 0.50తో గుణిస్తే 0.46. ఒకటిని 0.46తో భాగిస్తే 2.17. సరుకు ఖర్చుకు 2.17 రెట్లు ధర పెట్టాలి, అంటే మార్కప్ 117 శాతం.

ఇది సరైనదో కాదో రూపాయల్లో చూసుకోవచ్చు. నెలకు వాడే సరుకు 1,60,000. దాన్ని 0.46తో భాగించిన ధరకు కౌంటర్లో పెడితే విలువ దాదాపు 3,47,800. ఎనిమిది శాతం మిగిలిపోగా గల్లాలోకి వచ్చేది దాదాపు 3,20,000. సరుకు 1,60,000, పై ఖర్చు 1,28,000 పోగా 32,000 మిగులుతుంది. పది శాతం సరిపోయింది.

చాలామంది వాడే పద్ధతి సరుకుకు రెట్టింపు. గుర్తుపెట్టుకోవడానికి సులువు, పక్క షాపు ధరలకూ దగ్గరగా ఉంటుంది. అదే బేకరీలో రెట్టింపు ధర పెడితే ఏమవుతుంది? కౌంటర్ విలువ 3,20,000, అందులో 92 శాతం అమ్ముడై వచ్చేది 2,94,400. రెండు ఖర్చులూ పోగా మిగిలేది 6,400. రెండు రెట్లకూ, 2.17 రెట్లకూ మధ్య పది రూపాయల సరుకున్న పఫ్ మీద తేడా రూపాయీ ముప్పావే. నెలాఖరుకు అది 32,000కు బదులు 6,400 అయింది. చిన్న బేకరీలో లాభం ఇంత సన్నటి చోట ఉంటుంది.

ఎగ్ పఫ్: ఒక వస్తువును విడిగా చూస్తే

షాపు సగటు గుణకం అన్ని వస్తువులకూ ఒకేలా వాడకూడదు. ఉస్మానియా బిస్కెట్లు డబ్బాలో రోజుల తరబడి నిలుస్తాయి, పఫ్ సాయంత్రం దాకా, క్రీమ్ పేస్ట్రీ ఫ్రిజ్‌లో రెండు రోజులు. పొయ్యి వాడకమూ, చేతిపనీ వేరు. శివారు బేకరీలో ఎక్కువగా పోయే ఎగ్ పఫ్‌తో మొదలుపెడదాం.

150 పఫ్‌ల ముద్దకు 5 కిలోల మైదా, పొరల మధ్య వేసే పఫ్ మార్జరిన్ రెండు ముప్పావు కిలోలు, నీళ్లు, ఉప్పు కావాలి. పఫ్‌కు సగం గుడ్డు చొప్పున 75 గుడ్లు, పగిలే ఒకటీ రెండూ కలుపుకోవాలి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మసాలా, నూనె కూరకు. మైదా 190, మార్జరిన్ 440, గుడ్లు 490, కూర 280, కవర్లు, కాగితాలు 100 అనుకుంటే మొత్తం 1,500. ఒక్కోటి 10 రూపాయలు. ఇందులో గుడ్డుదీ కొవ్వుదీ కలిపి 930, అంటే మైదా ధర పెరిగిందని కంగారు పడటం కంటే గుడ్డు రేటును రోజూ చూడటం ముఖ్యం. గుడ్డు రేటు రూపాయి పెరిగితే పఫ్‌కు అర్ధ రూపాయి పడుతుంది, మైదా కిలోకు రూపాయి పెరిగితే మూడు పైసల పైచిలుకే.

ఇప్పుడు పై ఖర్చును రెండు భాగాలు చేద్దాం. గ్యాసు, మాస్టర్, సహాయకుడు, మిషన్లు వంటింటి ఖర్చు, 59,000. అద్దె, కరెంటు, కౌంటర్, యజమాని జీతం, చిల్లర ఖర్చులు షాపు ఖర్చు, 69,000. వంటింటి ఖర్చును ట్రేల మీద పంచాలి, ఎందుకంటే పొయ్యి ట్రేలతోనే నిండుతుంది. రోజుకు 60 ట్రేలు, నెలకు 1,800 అయితే ట్రేకు సుమారు 33 రూపాయలు. షాపు ఖర్చును అమ్మకం మీద పంచాలి, అది 21.6 శాతం.

ట్రేలో 20 పఫ్‌లు పడితే ఒక్కోదానికి వంటింటి వాటా 1.65. సరుకుతో కలిపి 11.65. పఫ్ వేస్టేజీ 10 శాతం అనుకుందాం. 11.65ను 0.90తో, మళ్లీ 0.684తో భాగిస్తే దాదాపు 19 రూపాయలు. షాపు సగటు గుణకం ప్రకారం 21.75 వచ్చేది. అంటే 20కి అమ్మే పఫ్ నష్టమేమో అనుకున్నది నిజానికి బాగానే మిగులుస్తోంది, అమ్మకంలో 13 శాతం పైన. కానీ ఆ మిగులు వేస్టేజీ మీద నిలబడి ఉంది. 20 రూపాయల ధర అలాగే ఉంచి వేస్టేజీ 20 శాతానికి పెరిగితే మిగిలేది 5 శాతం పైచిలుకు. నాలుగో వంతు మిగిలిపోతే చేతికి దాదాపు ఏమీ రాదు.

ధర పెంచలేనప్పుడు ఇక్కడే పని ఉంటుంది. పొద్దున్నే 150 కాల్చి కౌంటర్లో పెట్టడం కంటే, మడిచిన పచ్చి పఫ్‌లను ఫ్రీజర్లో ఉంచి మధ్యాహ్నం, నాలుగు గంటలకు, ఆరు గంటలకు విడతలుగా కాల్చడం మేలు. కాల్చనిది మిగిలితే రేపటికి పనికొస్తుంది. వేడి పఫ్‌కు గిరాకీ కూడా ఎక్కువ. విడతలు పెరిగితే పొయ్యి ఖాళీగా వేడెక్కే గ్యాసు పెరుగుతుంది, కాబట్టి ఆ విడతలోనే బన్నులో బిస్కెట్లో కూడా పెట్టి పొయ్యి నింపాలి.

క్రీమ్ పేస్ట్రీ కథ తిరగబడుతుంది. సరుకు 24 రూపాయలు, క్రీమ్ పనికి మాస్టర్ సమయం ఎక్కువ కాబట్టి వంటింటి వాటా 9, వేస్టేజీ 20 శాతం అనుకుంటే ధర 60 రావాలి. సగటు గుణకం వాడితే 52 అని పెట్టేవాళ్లం, ప్రతి ముక్క మీదా 8 రూపాయలు తక్కువ. బ్రెడ్డుకు సరుకు 16, ట్రేలో నాలుగు అచ్చులే పడతాయి కనుక పొయ్యి వాటా 8.25, వేస్టేజీ 6 శాతం. ధర 38 వస్తుంది, సగటు 35 చెబుతుంది. సగటు గుణకం పెట్టిన షాపులో పఫ్ కొనేవాడు పేస్ట్రీ తినేవాడి ఖర్చు భరిస్తుంటాడు. పక్కన పఫ్ చౌకగా ఇచ్చే షాపు వస్తే ముందు పోయేది లాభం తెచ్చే ఆ పఫ్ కొనేవాడే.

టీ కొట్లకూ కిరాణాలకూ వేసే సరుకుకు షాపు ఖర్చు చాలావరకు పడదు, అందుకే తక్కువ ధరకు ఇవ్వగలరు. అయితే అమ్ముడుపోనిది తిరిగి తీసుకునే ఒప్పందం ఉంటే ఆ తిరుగు సరుకు మొత్తం బేకరీ వేస్టేజీయే. దాన్ని విడిగా రాయకపోతే కౌంటర్ వేస్టేజీ బాగుందని సంతోషిస్తూనే నష్టపోతారు.

సెలవు నెలలు

మన లెక్క మామూలు నెలది. శామీర్‌పేటలో క్యాంపస్‌లు ఖాళీ అయ్యే నెలలు కూడా ఉన్నాయి. అలాంటి మూడు నెలలు ఉన్నాయనుకుందాం. కాల్చడం నాలుగో వంతు తగ్గిస్తారు, సరుకు 1,20,000కు దిగుతుంది. గిరాకీ అంచనా తప్పడం వల్ల వేస్టేజీ 12 శాతానికి ఎక్కుతుంది. గ్యాసు 4,000 తగ్గుతుంది, అద్దె, జీతాలు తగ్గవు. ఎండకు కరెంటు బిల్లు తగ్గే మాటే లేదు. 2.17 రెట్లు ధరే ఉంటే గల్లాకు వచ్చేది 2,29,600 దాకా, ఖర్చు 2,44,000. నెలకు 14,400 నష్టం.

ఏడాదికి చూస్తే తొమ్మిది నెలలు 32,000 మిగిలి, మూడు నెలలు నష్టం పోతుంది. పది శాతం అనుకున్న మార్జిన్ 7 శాతం కిందికి వస్తుంది. కాబట్టి ఏడాది లెక్కతో గుణకం మళ్లీ కట్టాలి. సంవత్సరపు సరుకు 18,00,000, పై ఖర్చు 15,24,000, కలిపి 33,24,000. పది శాతం మిగలాలంటే అమ్మకం 36,93,000 కావాలి. కాల్చిన సరుకులో సగటున 91.2 శాతం అమ్ముడవుతోంది. ఆ అమ్మకాన్ని అమ్ముడైన సరుకు ఖర్చు 16,41,600తో భాగిస్తే 2.25 వస్తుంది. మార్కప్ 125 శాతం.

సెలవుల్లో మాత్రం ధర పెంచాలనుకోవడం పనికిరాని ఆలోచన, ఉన్న నాలుగు గిరాకీలూ పోతాయి. ఏడాదంతా 2.25తో నడిపి, మంచి నెలల మిగులును పక్కన పెట్టి ఆ నెలలకు వాడుకోవడమే దారి. కొత్త సంవత్సరం ముందు రాత్రి కేకుల అమ్మకం, జాతర ఆదివారాలు ఈ లోటులో కొంత పూడుస్తాయి. అయితే ఆ రాత్రి మిగిలిన కేకులు మర్నాటికి సగం ధరకే పోతాయి గనక ఆర్డర్లు ముందే రాసుకున్నంత మేరకే చేయడం మంచిది.

లెక్క తప్పినట్టు ఎలా తెలుస్తుంది

వేస్టేజీ పుస్తకంలో రాసింది నిజమో కాదో పుస్తకం చెప్పదు, సరుకు వాడకం చెబుతుంది. నెలాఖరున నిల్వ తూచి వాడకం తీయాలి. దాన్ని గుణకంతో గుణిస్తే కౌంటర్లో ఉండవలసిన విలువ వస్తుంది. గల్లాకు వచ్చిన డబ్బును, యూపీఐతో కలిపి, దానితో పోల్చాలి. మన బేకరీలో 1,60,000 సరుకుకు 3,47,800 రావాలి, 92 శాతం వస్తే 3,20,000. వచ్చింది 3,05,000 అయితే అది 88 శాతం కూడా కాదు. పుస్తకంలో 8 శాతం అని ఉన్నా నిజంగా పోతున్నది 12 శాతం పైనే.

ఆ నాలుగు శాతం ఎక్కడికి పోయిందన్నది వెతకాలి. మొదట చూడవలసింది ముద్ద బరువు. 65 గ్రాములకు కోయవలసిన పఫ్‌ను మాస్టర్ కంటి అంచనాతో 72కు కోస్తుంటే 150 రావలసిన చోట 135 వస్తాయి, వేస్టేజీ బుట్టలో ఏమీ కనిపించదు. ట్రేలోంచి పది పఫ్‌లు తీసి త్రాసు మీద పెడితే చాలు. తర్వాత ఇంట్లోవాళ్లు తిన్నవి, తెలిసినవాళ్లకు ఇచ్చినవి, పనివాళ్ల టిఫిన్, చిల్లర లేక వదిలేసిన రూపాయలు. ఇవన్నీ తప్పని కాదు, కానీ పుస్తకంలో ఒక గీత పడాలి. చివరికి కూడా తేడా తేలకపోతే గల్లా వైపు చూడాలి.

పన్ను వాటా

తెలంగాణలో ఏడాది వ్యాపారం 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. మన బేకరీ 37 లక్షల దగ్గర ఉంది కాబట్టి నమోదు కావాలి. బ్రెడ్డుకు పన్ను లేదు. కేకులు, పేస్ట్రీలు, బిస్కెట్ల మీద ఉన్న 18 శాతం పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి తగ్గింది. మామూలు పద్ధతిలో నమోదైతే బోర్డు మీది ధరలో ఈ 5 శాతం కలిసి ఉంటుంది. 60 అని రాసిన పేస్ట్రీలో షాపుకు వచ్చేది 57.14 మాత్రమే. పైన కట్టిన ధరలన్నీ పన్ను కలపకముందువి.

కోటిన్నర లోపు వ్యాపారానికి కాంపోజిషన్ పద్ధతి ఉంది. తయారుచేసి అమ్మే బేకరీ మొత్తం అమ్మకం మీద 1 శాతం కడుతుంది, బ్రెడ్డు అమ్మకం కూడా అందులోకే వస్తుంది. బల్లలు వేసి వడ్డిస్తే హోటల్ కిందకు వచ్చి 5 శాతం అవుతుంది. ఈ పన్నును కొనేవాడి దగ్గర విడిగా వసూలు చేయకూడదు, కొన్న సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. అంటే ఆ 1 శాతం మార్జిన్‌లోంచే పోతుంది. పది శాతంలో ఒక శాతం అంటే లాభంలో పదో వంతు. దాన్ని కూడా పై ఖర్చు వాటాతో పాటు లెక్కలో పెడితే ఏడాది గుణకం 2.25 నుంచి దాదాపు 2.28 అవుతుంది. బేకరీలో సొంతంగా ఐస్‌క్రీమ్ తయారుచేసి అమ్మితే మాత్రం కాంపోజిషన్ పద్ధతి వర్తించదు.